నిశ్చితార్థం ఉంగరానికి ఏది మేలు: పసుపు బంగారమా, రోజ్ గోల్డా, వైట్ గోల్డా?

తిరుపతి గాంధీ రోడ్డులో ఏ నగల షాపుకు వెళ్లినా నిశ్చితార్థం ఉంగరాల ట్రేలో ఇప్పుడు మూడు రంగులు కనిపిస్తాయి. మూడింటి లోపలా సాధారణంగా 750 అనే ముద్రే ఉంటుంది. అంటే మూడూ 18 క్యారెట్లే, నూటికి 75 పాళ్లు బంగారమే. నాలుగు గ్రాముల ఉంగరం తీసుకుంటే, రంగు ఏదైనా సరే, అందులో మూడు గ్రాములు బంగారం, ఒక గ్రాము వేరే లోహం. రంగు తేడా అంతా ఆ ఒక్క గ్రాము వల్ల వచ్చిందే. రేపు ఆ ఉంగరాన్ని ఎలా చూసుకోవాలో తేల్చేదీ అదే.

మేలిమి బంగారం వెలుగులోని నీలం భాగాన్ని మింగేస్తుంది కాబట్టి మనకు పసుపుగా కనబడుతుంది. దానికి వెండి కలిపితే రంగు పాలిపోతుంది, రాగి కలిపితే ఎరుపెక్కుతుంది. ఆ ఒక్క గ్రాములో వెండి, రాగి చెరిసగం వేస్తే రెండూ సరిపుచ్చుకుని పసుపు నిలుస్తుంది. రాగిని 0.9 గ్రాములకు పెంచి వెండిని కొద్దిగా ఉంచితే రోజ్ గోల్డ్ అవుతుంది. వైట్ గోల్డ్‌కి వెండి ఒక్కటే చాలదు. పసుపును గట్టిగా చంపగలిగిన నికెల్ గానీ పల్లాడియం గానీ పడాలి.

22 క్యారెట్లలో అసలైన వైట్ గోల్డ్ రాకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. నాలుగు గ్రాముల 916 ఉంగరంలో వేరే లోహానికి దక్కే చోటు గ్రాములో మూడో వంతే. అంత కొంచెంతో పసుపు పోదు. కాబట్టి 916 ముద్ర ఉండి తెల్లగా మెరిసే నగ కనిపిస్తే, అది పసుపు బంగారం మీద రోడియం అనే తెల్ల లోహంతో పాలిష్ వేసినదే అనుకోవచ్చు. పాలిష్ అరిగిన చోట కింద నుంచి నిండు పసుపు బయటపడుతుంది.

ఈ రోడియం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వైట్ గోల్డ్ కొన్నవాళ్ల ఫిర్యాదుల్లో చాలావరకు దీని గురించే. నికెల్ కలిపినా, పల్లాడియం కలిపినా ఆ లోహం అద్దంలాంటి తెలుపుకు రాదు. బూడిద రంగులో, కొంచెం పసుపు ఛాయతో ఉంటుంది. షాపులో మనం చూసే ఆ మెరుపు పైన వేసిన రోడియం పూతది. దాని మందం ఒక మైక్రాన్ అటూఇటూ. రోడియం చాలా గట్టి లోహమే, కానీ అంత పలచటి పొర రోజువారీ రాపిడికి ఎంతకాలం ఆగుతుంది? చెవి కమ్మలకైతే ఏళ్లు ఆగుతుంది, ఎప్పుడూ చేతికుండే ఉంగరానికి ఏడాది, రెండేళ్లు అంతే. ముందు అరిగేది అరచేతి వైపు ఉండే భాగం. ఉంగరాన్ని తెల్ల కాగితం మీద పెట్టి పైభాగాన్నీ అడుగునూ పోల్చి చూడండి. అడుగున పసుపు ఛాయ తేలితే మళ్లీ పాలిష్ వేయించే సమయం వచ్చినట్టే. సైజు మార్పించినప్పుడు కూడా మంట తగిలి పూత పాడవుతుంది, కాబట్టి ఆ పనితో పాటు పాలిష్ కూడా కొత్తగా పడాలి.

మా మేనకోడలికి ఉంగరం చూసేటప్పుడు ఇదే చర్చ వచ్చింది. ఆమె ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. "మామా, వజ్రానికి తెల్లదే నప్పుతుంది" అంది. నిజమే, చిన్న వజ్రానికి తెల్ల లోహం బాగా నప్పుతుంది. అయితే రోజంతా గ్లోవ్స్ వేసి తీయడం, పదే పదే చేతులు రుద్ది కడగడం ఉన్న చేతికి రోడియం త్వరగా అరుగుతుంది. దానికి తోడు ల్యాబుల్లో బ్లీచింగ్ ద్రావణం వాడతారు. నికెల్ కలిపిన వైట్ గోల్డ్‌కి క్లోరిన్ మంచిది కాదు. రాయిని పట్టుకునే ప్రాంగ్స్ సన్నగా, ఒత్తిడిలో ఉంటాయి కాబట్టి అక్కడ వెంట్రుకవాసి పగుళ్లు పడి ఒకరోజు రాయే జారిపోవచ్చు. ఇంకో విషయం, ఆమెకు వాచీ బకిల్ తగిలే చోట దురద వస్తుంది. చాలాసార్లు అది నికెల్ పడదనడానికి గుర్తు. రోడియం ఉన్నంతకాలం ఇబ్బంది ఉండదు, అరిగాక వేలు ఎర్రబడటం మొదలవుతుంది.

ఇలాంటి చేతికి తెల్లదే కావాలంటే పల్లాడియం కలిపినది అడగాలి. దురద రావడం అరుదు, క్లోరిన్‌కి బాగా తట్టుకుంటుంది, పూత అరిగినా నికెల్ బెడద లేదు. పల్లాడియం ఖరీదైన లోహం కాబట్టి ధర ఎక్కువ పడుతుంది. పాత నగగా మార్చేటప్పుడు మాత్రం మామూలుగా లెక్క కట్టేది బంగారం వరకే.

రోజ్ గోల్డ్‌లో పూత గొడవ లేదు. రంగు లోహం నిండా ఒకటే, గీత పడినా లోపల అదే గులాబీ రంగు. రాగి వల్ల గట్టిగా కూడా ఉంటుంది. మన ఎండకు, చెమటకు రాగి కొంచెం నల్లబడటం, ఏళ్లు గడిచే కొద్దీ ఇంకాస్త ఎర్రగా తేలడం సహజం. కుంకుడుకాయ రసంలోనో, గోరువెచ్చని సబ్బు నీళ్లలోనో మెత్తని బ్రష్‌తో రుద్దితే చాలావరకు తేటపడుతుంది. అసలు జాగ్రత్త రిపేరు దగ్గర పడాలి. రాగి ఎక్కువున్న ఈ మిశ్రమాన్ని కాల్చాక నెమ్మదిగా చల్లారనిస్తే లోపల అణువుల అమరిక మారి లోహం పెళుసవుతుంది. అందుకే ఆచారి దాన్ని ఎర్రటి వేడి తగ్గిన కొద్ది సేపటికే నీళ్లలో ముంచేయాలి. 22 క్యారెట్ల పనికి అలవాటుపడ్డ చేతులకు ఈ పట్టింపు ఉండకపోవచ్చు. సైజు పెంచి తెచ్చిన ఉంగరంలో అతుకు పక్కన సన్నటి పగులు కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. టంకం కూడా రోజ్ గోల్డ్‌దే వాడాలి. లేకపోతే గులాబీ రంగు మధ్య పసుపు గీత ఎప్పటికీ కనబడుతుంది.

పసుపు గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అదే దాని బలం. చిత్తూరులో చిన్న వీధిలోని ఆచారి అయినా దాన్ని కోసి, అతికి, మెరుగు పెట్టి ఇవ్వగలడు. గాజులు, తాళి పక్కన కూడా రంగు కలుస్తుంది.

రోజూ తీయకుండా పెట్టుకునే ఉంగరానికి నా ఓటు పసుపుకే, దాని తర్వాత రోజ్ గోల్డ్‌కి. వైట్ గోల్డ్‌ని కమ్మలకో, పెండెంట్‌కో, ఫంక్షన్లకే తీసే ఉంగరానికో ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. మేనకోడలు చివరికి రోజ్ గోల్డ్ ఉంగరం తీసుకుంది. వజ్రం కూర్చున్న పైభాగం ఒక్కటీ పల్లాడియం వైట్ గోల్డ్‌తో చేయించింది. వేలికి రాసుకునే భాగంలో పూత లేదు, రాయి చుట్టూ తెలుపు ఉంది.

వైట్ గోల్డ్ కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. హాల్‌మార్క్‌తో పాటు నగ మీద ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ కోడ్‌ని BIS Care యాప్‌లో కొడితే స్వచ్ఛత తెలుస్తుంది గానీ, కలిపింది నికెలా పల్లాడియమా అన్నది తెలియదు. అది షాపువాళ్లనే అడిగి, బిల్లు మీద రాయించుకోవాలి. రోడియం మళ్లీ వేయడానికి ఎంత తీసుకుంటారో, ఎన్నిసార్లు ఉచితమో కూడా అదే బిల్లు మీద రాయించండి. ఇంటికొచ్చాక టూత్‌పేస్ట్‌తో తోమకండి, అందులోని నలుసులు ఆ పూతనే ముందు గీరేస్తాయి.