ఏటీఎంలో రాని పది వేలు: శాఖ నుంచి అంబుడ్స్‌మన్ వరకు ఫిర్యాదు వ్యవస్థపై నా సమీక్ష

గత కొన్నేళ్లలో నా కోసం, బంధువుల కోసం బ్యాంకులపై నాలుగు ఫిర్యాదులు నడిపాను. శాఖ, బ్యాంకులో శాఖకు పైన ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి, బ్యాంకులపై వచ్చే ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ అనే ఈ మూడు మెట్లలో నాకు ఎక్కువ నేర్పింది 2023 నాటి ఒక చిన్న వ్యవహారం కాబట్టి, దాన్నే వివరంగా రాస్తున్నాను.

ఆ ఏడాది మార్చి 2న వేరే బ్యాంకు ఏటీఎంలో పది వేల రూపాయలు తీయబోతే యంత్రం కాసేపు గరగరలాడి ఆగిపోయింది. నోట్లు రాలేదు, ఖాతాలో మాత్రం పది వేలు తగ్గినట్టు సందేశం వచ్చింది. మా శాఖకు వెళితే, కౌంటరులో ఉన్న ఉద్యోగి "ఏటీఎం వాళ్లది కదండీ, అక్కడే అడగండి" అన్నారు. ఇది తప్పు. ఏటీఎం ఎవరిదైనా, కార్డు ఇచ్చిన బ్యాంకుకే ఫిర్యాదు చేయాలి. రెండో బ్యాంకుతో లెక్క తేల్చుకోవడం వారి పని. మార్చి 4న తేదీ, సమయం, మొత్తం, సందేశంలోని లావాదేవీ సంఖ్య రాసి ఉత్తరం ఇచ్చి, నకలు మీద గుండ్రటి ముద్ర, తేదీ వేయించుకున్నాను. ముద్ర వేయడానికి ఆయన ఇష్టపడలేదు గానీ నేను కుర్చీలోంచి లేవలేదు.

పది రోజుల తర్వాత అదే కౌంటరులో "మా రికార్డులో డబ్బు వచ్చినట్టే ఉంది" అని నోటిమాటగా చెప్పారు. దాన్నే బ్యాంకు జవాబు అనుకుని మార్చి 25న cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టాను. విచారణకు అర్హం కాదంటూ మూసేశారు. కారణం న్యాయమైనదే: బ్యాంకు మన ఫిర్యాదును తిరస్కరించి ఉండాలి, లేదా ఫిర్యాదు అందిన 30 రోజుల్లోపు జవాబు ఇవ్వకుండా ఉండాలి. నా దగ్గర తిరస్కరణకు కాగితం లేదు, 30 రోజులూ నిండలేదు. ముందే రాతలో తిరస్కరించి ఉంటే ఆ 30 రోజులు ఆగవలసిన పనే ఉండేది కాదని అప్పుడే తెలిసింది.

ఇక్కడే నోడల్ అధికారి మెట్టుకు విలువ ఉందని నా అభిప్రాయం. ఆయన దగ్గరికి వెళ్లి తీరాలని అంబుడ్స్‌మన్ పథకం చెప్పదు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉంటే చాలు. కానీ మార్చి 20న నేను ప్రధాన నోడల్ అధికారికి పంపిన ఈమెయిలుకు ఏప్రిల్ 3న వచ్చిన జవాబులో, ప్రతి లావాదేవీని యంత్రం తనంతట నమోదు చేసుకునే ఏటీఎం ఎలక్ట్రానిక్ జర్నల్ ప్రకారం లావాదేవీ విజయవంతమైందని, అందువల్ల ఫిర్యాదు తిరస్కరిస్తున్నామని స్పష్టంగా ఉంది. నాకు డబ్బు రాలేదు గానీ, కావలసిన కాగితం వచ్చింది. ఏప్రిల్ 5న దాన్నీ, ముద్ర వేసిన నకలునూ జతచేసి మళ్లీ ఫిర్యాదు పెట్టాను. రుసుము ఏమీ లేదు, న్యాయవాది అవసరం అసలే లేదు. ఈసారి జర్నల్ ఒక్కటే చాలదనీ, ఆ రోజు యంత్రంలో లెక్కకు మించి మిగిలిన నగదు వివరాలూ, కెమెరా దృశ్యాలూ తెప్పించాలనీ ప్రత్యేకంగా రాశాను. యంత్రం నోట్లు లెక్కపెట్టి బయటికి నెట్టకపోతే, ఆ రోజు నగదు సరిచూసినప్పుడు అదనంగా తేలాలి; జర్నల్‌లో కనబడనిది అక్కడ దొరుకుతుంది.

ఏప్రిల్ 29న ఖాతాలో పది వేలు పడ్డాయి. ఆ మర్నాడే శాఖ నుంచి ఫోను చేసి, సమస్య తీరిందని రాసివ్వమన్నారు. నేను ఒప్పుకోలేదు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇలాంటి డబ్బును లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లో తిరిగి వేయాలి, ఆపైన ఆలస్యానికి రోజుకు వంద రూపాయలు ఖాతాదారు అడగకుండానే చెల్లించాలి. నా విషయంలో ఆ గడువు మార్చి 7తో ముగిసింది, అక్కడి నుంచి 53 రోజులు. ఈ లెక్కను అంబుడ్స్‌మన్ కార్యాలయానికి రాసిన కొద్దిరోజులకు 5,300 రూపాయలు జమయ్యాయి, ఆ తర్వాతే ఫిర్యాదు మూశారు. చాలామంది అసలు రాగానే సంతకం పెట్టి, ఈ పరిహారాన్ని వదిలేసుకుంటారు.

మిగతా మూడింటిలో రెండు నోడల్ అధికారి దగ్గరే తేలాయి. ఒకటి మాత్రం ఓడిపోయాను: మా తమ్ముడికి వ్యక్తిగత రుణం నిరాకరించినందుకు చేసిన ఫిర్యాదు. రుణం ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, దానిలో అంబుడ్స్‌మన్ జోక్యం చేసుకోరు. అది తెలియక నెలన్నర పోగొట్టాను.