చిప్‌కి 12 సూత్రం, పిచ్‌కి 56 డిగ్రీల వెడ్జ్: చాలాకాలం వాడాక

గోల్ఫ్‌లో హోల్ ఉండే నున్నటి గడ్డి, అంటే గ్రీన్, పక్కన నిలబడినప్పుడు బంతి ఎక్కడ పడాలో ముందే తేలిపోవాలి. బంతిని కాస్తే లేపి ఎక్కువ దొర్లించే చిప్‌కి క్లబ్ ఎంచే 12 సూత్రాన్ని ఇన్నాళ్లుగా వదలకుండా వాడుతున్నది ఆ ఒక్క సుఖం కోసమే. పడే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే: గ్రీన్ అంచు దాటి ఒక అంగ లోపల. స్ట్రోక్ తీరు మారదు, చేతిలో క్లబ్ మారుతుంది. మిగిలిన దూరం బంతి దొర్లుతూ పోతుంది.

లెక్క ఇలా వేయాలి. బంతి గ్రీన్ అంచుకి మూడు అంగల దూరంలో పొట్టి గడ్డి మీద ఉంది. అంచు దాటి ఒక అంగ లోపల పడాలంటే గాలిలో నాలుగు అంగలు పోవాలి. అక్కడి నుంచి హోల్ పదహారు అంగలు. పదహారుని నాలుగుతో భాగిస్తే నాలుగు. 12 లోంచి 4 తీసేస్తే 8, అంటే ఎయిట్ ఐరన్. అదే చోటి నుంచి హోల్ పన్నెండు అంగల్లోనే ఉంటే నైన్ ఐరన్, ఎనిమిది అంగల్లో ఉంటే పిచింగ్ వెడ్జ్. పిచింగ్ వెడ్జ్‌ని 10గా, శాండ్ వెడ్జ్‌ని 11గా లెక్కపెట్టుకోవాలి.

అంచు దాటి ఒక అంగ ఎందుకంటే, అంచు బయటి గడ్డి మీద మొదటి బౌన్స్ ఎటు పోతుందో చెప్పలేం. గ్రీన్ మీద పడితే బౌన్స్ నమ్మదగినది. సరిగ్గా అంచు మీదికే గురిపెడితే, అర అంగ తక్కువైనా బంతి గడ్డిలో ఆగిపోతుంది. ఇంకా లోపలికి వేయాలంటే క్లబ్ ముఖానికి ఎక్కువ వాలు, అంటే ఎక్కువ లోఫ్ట్, పెద్ద స్వింగ్ కావాలి. స్వింగ్ పెరిగేకొద్దీ తగిలే తీరు చెడుతుంది. ఎయిట్ ఐరన్ కాస్త పైన తగిలినా బంతి కొంచెం ముందుకు పోయి హోల్ దరిదాపుల్లోనే ఆగుతుంది. 56 డిగ్రీల వెడ్జ్ అంచు బంతి నడుముకి తగిలితే అది గ్రీన్ అవతలికి దూసుకుపోతుంది.

స్ట్రోక్ పుట్టింగ్ లాంటిదే. బంతికి దగ్గరగా నిలబడి, గ్రిప్ కింది దాకా పట్టుకుని, షాఫ్ట్‌ని పుటర్‌లా నిటారుగా నిలపాలి. క్లబ్ మడమ నేల నుంచి కొంచెం లేస్తుంది, బంతి క్లబ్ ముక్కు వైపు తగులుతుంది, దెబ్బ మెత్తగా ఉంటుంది. కుడిచేతివాళ్లయితే బరువు ఎడమ కాలి మీద ఎక్కువ ఉంచాలి, బంతిని నడిమధ్యకి కాస్త వెనక పెట్టాలి, మణికట్టు విరగనివ్వకూడదు. పొడుగు కొట్టలేని పాల్ రన్యన్ 1938 పీజీఏ చాంపియన్‌షిప్ ఫైనల్లో శామ్ స్నీడ్‌ని 8 అండ్ 7 తేడాతో, అంటే ఏడు హోల్స్ మిగిలి ఉండగానే ఎనిమిది హోల్స్ ఆధిక్యంతో, ఓడించాడు. గ్రీన్ చుట్టూ పుట్టింగ్ తీరులో చిప్ చేయడానికి ఆయన పెట్టింది పేరు.

ఈ పద్ధతిలో నాకు ఎక్కువ నచ్చింది తప్పుని విడదీసి చూపించడం. బంతి అనుకున్న చోటే పడి హోల్ దాటి పోయిందంటే స్ట్రోక్ బాగానే ఉంది, క్లబ్ ఎంపికే తప్పింది. వేరే చోట పడిందంటే క్లబ్ సంగతి తర్వాత, ముందు స్ట్రోక్ చూసుకోవాలి. ప్రాక్టీస్ గ్రీన్ మీద పడే చోట తువ్వాలు పరిస్తే ఇది పది బంతుల్లో తెలిసిపోతుంది. హోల్‌నే చూస్తూ ప్రాక్టీస్ చేసేవాళ్లకి ఈ తేడా ఎప్పటికీ కనబడదు.

అసలు దెబ్బ కొత్త ఐరన్ సెట్ కొన్నప్పుడు తగిలింది. అవే అంగలు, అదే లెక్క, అదే స్ట్రోక్, బంతి మాత్రం ప్రతిసారీ హోల్ దాటి పోసాగింది. తువ్వాలు పరిచి చూస్తే పడే చోటు సరిగ్గానే ఉంది. చిక్కు క్లబ్ మీద చెక్కిన అంకెలో ఉంది. 12 సూత్రం పాత లోఫ్ట్‌లకి కుదిరిన లెక్క: ఎయిట్ ఐరన్ దాదాపు 40 డిగ్రీలు, నైన్ 44, పిచింగ్ వెడ్జ్ 48. మామూలు ఆటగాళ్ల కోసం ఇప్పుడు చేసే సెట్లలో పిచింగ్ వెడ్జ్ 43, 44 డిగ్రీలకి వచ్చేసింది. అంటే అది పాత నైన్ ఐరన్. గాల్లో ఒక వంతు పోయి రెండు వంతులు దొర్లాల్సిన బంతి మూడు వంతులు దొర్లుతుంది. ఆరు అంగలు గాల్లో పోయి పన్నెండు అంగలు దొర్లాల్సిన చిప్‌లో ఇది ఆరు అంగల తేడా. రెండు పుట్‌లకి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

దీనికి మందు సులువే. మీ సెట్ లోఫ్ట్‌లు తయారీదారు పట్టికలో చూసుకుని, అంకెతో కాకుండా డిగ్రీలతో లెక్కపెట్టుకోండి. నాలుగు వంతులు దొర్లాలంటే 40 డిగ్రీలకి దగ్గరది, మూడుకి 44, రెండుకి 48. కొత్త సెట్లలో మొదటిది చాలాసార్లు నైన్ ఐరన్ అవుతుంది, రెండోది పిచింగ్ వెడ్జ్, మూడోది గ్యాప్ వెడ్జ్. గ్యాప్ వెడ్జ్ లేకపోతే 43కీ 56కీ మధ్య పెద్ద ఖాళీ మిగులుతుంది. ఎక్కువ చిప్‌లు వచ్చేది ఆ ఖాళీలోనే.

ఇంకో సవరణ కూడా చెప్పాలి. ఈ లెక్క చదునైన, మధ్యస్థ వేగమున్న గ్రీన్‌కి. మన దక్షిణాది గ్రీన్లు ఎక్కువగా బెర్ముడా గడ్డివి, వాటిలో గడ్డి ఒక వైపు వాలి ఉంటుంది. హోల్ వైపు చూస్తే మెరుస్తూ కనబడితే బంతి గడ్డి వాలుతో పోతుంది, ఎక్కువ దొర్లుతుంది. ముదురు పచ్చగా కనబడితే ఎదురు. ఎదురు గడ్డికి, ఎత్తుకి, వాన తడికి ఒక క్లబ్ లోఫ్ట్ తగ్గించాలి. పల్లానికి, ఆరిపోయిన వేగమైన గ్రీన్‌కి ఒకటి పెంచాలి. ఇవి రెండు మూడు ఒకేసారి కలిస్తే సూత్రం ఉజ్జాయింపే, కన్నే నమ్ముకోవాలి.

బంతిని ఎత్తుగా లేపి తక్కువ దొర్లించే పిచ్ దగ్గర సూత్రం అసలు పనికిరాదు. బంతికీ గ్రీన్‌కీ మధ్య ఇసుక గుంట, అంటే బంకర్, ఉంది, అంచు పదిహేను అంగలు, అంచు నుంచి హోల్ ఆరే అంగలు అనుకుందాం. పదహారు గాల్లో పోవాలి, ఐదు దొర్లాలి. చిప్ స్ట్రోక్‌తో ఏ క్లబ్బూ ఇంత తక్కువ దొర్లించదు. ఇక్కడ 56 డిగ్రీల వెడ్జ్ తీసి, బంతిని మధ్యలో పెట్టి, మణికట్టు మడుస్తూ చేతుల్ని నడుము ఎత్తుదాకా తీసుకెళ్లి, శరీరాన్ని హోల్ వైపు తిప్పుతూ కొట్టాలి. షాఫ్ట్‌ని ముందుకి వాల్చకూడదు. వాలిస్తే క్లబ్ అడుగున ఉన్న ఉబ్బెత్తు, అంటే క్లబ్ బౌన్స్, పని చేయదు, ముందంచు నేలలో దిగబడి బంతి బంకర్లోకే పోతుంది. దొర్లేది గాలిలో పోయినదానిలో మూడోవంతు దాకా ఉంటుందనుకోండి. ముఖానికీ బంతికీ మధ్య తడి గడ్డి చిక్కుకుంటే స్పిన్ పట్టదు, ఇంకా దొర్లుతుంది.

బంతి బెర్ముడా పొడుగు గడ్డిలో, అంటే రఫ్‌లో, దిగబడి ఉంటే, దగ్గరే అయినా ఎయిట్ ఐరన్ జోలికి పోను. గడ్డి క్లబ్ మెడని పట్టి ముఖాన్ని మూసేస్తుంది. అక్కడా 56 డిగ్రీలదే. ఎండాకాలం గట్టి నేల మీద మాత్రం ఇదే వెడ్జ్ తిరగబడుతుంది. ఎక్కువ బౌన్స్ ఉన్న వెడ్జ్ నేలకి తగిలి పైకి ఎగిరి బంతిని నడుముకి కొడుతుంది, కాబట్టి దారి ఖాళీగా ఉంటే తక్కువ లోఫ్ట్ చిప్పే మేలు.

వారానికి ఒక రౌండ్ ఆడి, ప్రాక్టీస్‌కి అరగంటకి మించి దొరకని నాలాంటివాళ్లకి 12 సూత్రం డిగ్రీల సవరణతో బాగా పనికొస్తుంది. రోజూ గ్రీన్ పక్కన గంట గడపగలిగేవాళ్లు ఒకే వెడ్జ్‌తో బంతి ఎత్తు మార్చుకుంటూ ఆడినా నష్టం లేదు. మా కోర్సులో గ్రీన్ల ముందు బంకర్లు తక్కువ, చిప్‌కి దారి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. గ్రీన్లు ఎత్తుగా, చుట్టూ బంకర్లతో ఉన్న కోర్సులో ఆడేవాళ్లయితే ముందు పిచ్ నేర్చుకోమంటాను.