‘టర్న్ డౌన్ ఇట్’ తప్పును పట్టడానికి లిస్టు బట్టీయా, చివరి చిన్న మాటా? ఏది మేలు?

నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే రైల్లో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు కనిపిస్తూనే ఉంటారు. ఇంగ్లీషు పుస్తకం తెరిచారంటే చాలామంది చేతుల్లో ఉండేది ఫ్రేజల్ వెర్బ్స్ లిస్టే. ‘టర్న్ డౌన్ అంటే తిరస్కరించు, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయు’ అనుకుంటూ వరుసగా వల్లె వేస్తారు. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ ఎర్రర్ స్పాటింగ్‌లో అడిగే ఒక ముఖ్యమైన సంగతి ఆ లిస్టుల్లో చాలావాటిలో ఉండదు. అందుకే అర్థం కంఠతా వచ్చినవాళ్లు కూడా మార్కు పోగొట్టుకుంటున్నారు.

ఒక ప్రశ్న చూడండి. వాక్యాన్ని మూడు ముక్కలు చేసి, నాలుగోది ‘నో ఎర్రర్’ అని ఇస్తారు: ‘ది ఆఫీసర్ రెడ్ ది అప్లికేషన్ / అండ్ టర్న్‌డ్ డౌన్ ఇట్ / వితౌట్ గివింగ్ ఎ రీజన్.’ మన పిల్లలు ముందు మూడో ముక్క మీద పడతారు. గివింగ్ ఉండాలా, గివ్ ఉండాలా? ఎ రీజన్ సరేనా, ఎనీ రీజన్ కావాలా? అక్కడే అరనిమిషం గడిచిపోతుంది. రెండో ముక్కలో టర్న్ డౌన్ కనిపించగానే ‘తిరస్కరించు, అర్థం సరిపోయింది’ అని ముందుకెళ్లిపోతారు. తప్పు అక్కడే ఉంది. అది ‘టర్న్‌డ్ ఇట్ డౌన్’ అని ఉండాలి.

కంటికి అది ఎందుకు ఆనదంటే, మనకి అలవాటైన భాషల్లో ఈ తేడా లేదు. సరిహద్దు పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండింటిలోనూ కర్మ మామూలుగా క్రియకు ముందే వస్తుంది. ‘ఆఫర్‌ని కాదన్నాడు’ అన్నా ‘దాన్ని కాదన్నాడు’ అన్నా కర్మ చోటు మారలేదు. ఇంగ్లీషులో అలా కాదు. నామవాచకమైతే ‘టర్న్‌డ్ డౌన్ ది ఆఫర్’ అనొచ్చు, ‘టర్న్‌డ్ ది ఆఫర్ డౌన్’ అనీ అనొచ్చు. అక్కడ ఇట్ పెట్టామా, మధ్యలో తప్ప ఇంకెక్కడా కూర్చోదు. ఇట్‌తో పాటు దెమ్, హిమ్, హర్, మి, అస్, యు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఈ నియమం విన్న ఉత్సాహంలో ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ని కూడా తప్పుగా గుర్తించేస్తారు. అది పూర్తిగా ఒప్పు. ‘లుక్ హిమ్ ఆఫ్టర్’ అన్నదే తప్పు. ఏ క్రియ విడిపోతుంది, ఏది విడిపోదు అన్నది పోల్చుకోవడానికి పిల్లలు వాడే దారులు రెండు. ఒకటి లిస్టు బట్టీ. రెండోది క్రియ వెనక ఉన్న చిన్న మాటల్లో చివరిదాన్ని పట్టుకుని తేల్చుకోవడం.

లిస్టు బట్టీలో ఒక లాభం ఉంది. చూసిన క్రియ వస్తే ఆలోచించక్కర్లేదు. అయితే లిస్టులు ఎక్కువగా క్రియ పేరు మీద అక్షర క్రమంలో ఉంటాయి. లుక్ ఆఫ్టర్, లుక్ ఫర్, లుక్ ఇంటూ, లుక్ అప్ ఒకదాని కింద ఒకటి, పక్కన అర్థం మాత్రం. వీటిలో లుక్ అప్ ఒక్కటే విడిపోతుందని ఆ వరుస చూస్తే తెలియదు. బట్టీ పట్టేవాళ్లు కనీసం ‘లుక్ ఇట్ అప్’, ‘లుక్ ఇంటూ ఇట్’ అని సర్వనామంతో కలిపి రాసుకుంటే ఆ లోటు తీరుతుంది. అప్పుడు కూడా లిస్టులో లేని క్రియ వస్తే చేతిలో ఏమీ ఉండదు.

రెండో దారి నాకు మేలుగా కనిపిస్తుంది, ఎందుకంటే క్రియలు వందలు, వెనకొచ్చే చిన్న మాటలు కొన్నే. ఎట్, ఫర్, ఫ్రమ్, విత్, ఇంటూ, ఆఫ్టర్, అపాన్ లాంటివి ఈ పదబంధాల్లో ప్రిపోజిషన్లుగానే పనిచేస్తాయి. చివర వీటిలో ఒకటి ఉంటే సర్వనామం దాని వెనకే వస్తుంది: లుక్ ఫర్ ఇట్, డీల్ విత్ దెమ్, రన్ ఇంటూ హర్. అవే, బ్యాక్, అపార్ట్, అసైడ్ దీనికి వ్యతిరేకం. ఇవి ప్రిపోజిషన్లు కావు, క్రియావిశేషణాలు. కాబట్టి సర్వనామం మధ్యలోకి రావాల్సిందే: త్రో ఇట్ అవే, గివ్ దెమ్ బ్యాక్. అవుట్‌ని కూడా పరీక్ష వరకు ఈ జట్టులోనే వేసుకోవచ్చు: క్యారీ ఇట్ అవుట్, పాయింట్ దెమ్ అవుట్.

చివరి మాట చూడమనడానికి ఇంకో కారణం ఉంది. మూడు మాటల క్రియలు చూడండి: పుట్ అప్ విత్, డూ అవే విత్, లుక్ ఫార్వర్డ్ టు. డూ అవే విత్‌లో అవే కనిపించగానే ‘డూ ఇట్ అవే విత్’ అని కొందరు దిద్దేస్తారు. చివరి మాట విత్ కాబట్టి ‘డూ అవే విత్ ఇట్’ ఒప్పు. వీటి కోసం ప్రత్యేకంగా ఏదీ బట్టీ పట్టక్కర్లేదు.

అసలు పని అప్, డౌన్, ఆఫ్, ఆన్, ఇన్, ఓవర్, త్రూ దగ్గర ఉంది. ఇవి రెండు వేషాలూ వేస్తాయి. ‘హి సా ది ల్యాడర్ అండ్ క్లైంబ్‌డ్ అప్ ఇట్’ అన్న వాక్యంలో తప్పు లేదు, ఎందుకంటే మనిషి నిచ్చెన మీదుగా పైకి వెళ్లాడు. ఇట్ అన్నది అప్ అనే ప్రిపోజిషన్‌కి కర్మ. అదే ‘హి సా ది కాయిన్ అండ్ పిక్‌డ్ అప్ ఇట్’ తప్పు. ఇక్కడ మనిషి నాణెం మీదుగా ఎటూ వెళ్లలేదు, నాణేన్నే పైకి తీశాడు. ‘పిక్‌డ్ ఇట్ అప్’ కావాలి. కదిలింది కర్తా, లేక ఆ పని కర్మకే జరిగిందా అన్న ప్రశ్న అప్, డౌన్, ఆఫ్‌ల విషయంలో చాలాసార్లు తేల్చేస్తుంది. జంప్‌డ్ ఆఫ్ ఇట్ ఒప్పు, పుట్ ఆఫ్ ఇట్ తప్పు.

ఆన్, ఓవర్, త్రూ దగ్గర ఆ ప్రశ్న ఒక్కటే చాలదు. అక్కడ క్రియ వైపు చూడాలి. గో, కమ్ లాంటి అకర్మక క్రియలకి సొంతంగా కర్మ ఉండదు. వాటి వెనకొచ్చే సర్వనామం చిన్న మాటదే. అందుకే గో ఓవర్ ఇట్, గో త్రూ దెమ్, కమ్ అక్రాస్ ఇట్. టేక్, హ్యాండ్, పుట్ సకర్మకాలు, అవి మధ్యలో కర్మని పెట్టుకుంటాయి: టేక్ ఇట్ ఓవర్, హ్యాండ్ ఇట్ ఓవర్, పుట్ ఇట్ ఆన్. దీనికీ లొంగనివి కొన్ని ఉన్నాయి. థింక్ ఇట్ ఓవర్, టాక్ ఇట్ ఓవర్, గెట్ ఓవర్ ఇట్, కాల్ ఆన్ హిమ్. ఒకే మాట రెండు చోట్లా కూర్చుని అర్థం మారిపోయేవీ ఉన్నాయి: ‘టర్న్ ఇట్ ఆన్’ అంటే స్విచ్ వేయడం, ‘ది డాగ్ టర్న్‌డ్ ఆన్ హిమ్’ అంటే కుక్క అతని మీదికి ఎగబడింది. ‘సీ త్రూ హిమ్’ అంటే అతని మోసం కనిపెట్టడం, ‘సీ హిమ్ త్రూ’ అంటే కష్టకాలంలో అతనికి అండగా ఉండి గట్టెక్కించడం. లిస్టు బట్టీకి నేను చోటిచ్చేది ఈ కొద్దివాటికే. అవి ఒక పేజీలో సరిపోతాయి, అదీ సర్వనామం పెట్టి రాసుకోవాలి.

చెవిని నమ్మమని చెప్పేవాళ్లూ ఉన్నారు. పెద్దగా చదివితే తప్పు వినిపిస్తుందంటారు. ఇంగ్లీషు వింటూ పెరిగినవాళ్లకి అది పనికొస్తుంది. కాశీనగరంలోనో రాయగడలోనో ఇంగ్లీషుని పుస్తకంలో మాత్రమే చూసిన పిల్లకి ‘టర్న్‌డ్ డౌన్ ఇట్’ బాగానే వినిపిస్తుంది. దీన్ని పోటీలోకే తీసుకోను.

ఏ దారిలో వెళ్లినా లేని తప్పు చూపించే ప్రమాదం ఒకటుంది. ‘టర్న్‌డ్ డౌన్ హిజ్ ఆఫర్’ అని రాస్తే వెంటనే ఒకమ్మాయి అడిగింది: ‘మాస్టారూ, హిజ్ కూడా ప్రొనౌనే కదా, మధ్యలో పెట్టొద్దా?’ అక్కర్లేదమ్మా. హిజ్ అక్కడ ఆఫర్‌కి విశేషణంలా అంటుకుని ఉంది, కర్మ ఆఫర్. హర్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే అది రెండు పనులూ చేస్తుంది. ‘పిక్‌డ్ అప్ హర్ బ్యాగ్’ ఒప్పు, ‘పిక్‌డ్ అప్ హర్ ఎట్ ది స్టేషన్’ తప్పు. హర్ తర్వాత దాని తాలూకు నామవాచకం ఉందో లేదో చూసి గుర్తుపెట్టండి. ఎవ్రీథింగ్, సమ్‌థింగ్ లాంటివి నామవాచకాల్లా రెండు చోట్లా కూర్చుంటాయి. ‘త్రో అవే ఎవ్రీథింగ్’ తప్పు కాదు. ‘ది ఆఫర్ విచ్ హి టర్న్‌డ్ డౌన్’లోనూ ఏమీ లోపించలేదు, కర్మ విచ్ రూపంలో ముందే వచ్చేసింది. అక్కడ మళ్లీ ఇట్ చేర్చి ‘విచ్ హి టర్న్‌డ్ ఇట్ డౌన్’ అంటేనే తప్పు.

మాట్లాడేటప్పుడు ‘ఆమెని కాదు, అతన్నే’ అని ఒత్తి చెప్పాల్సి వస్తే ఇంగ్లీషువాళ్లు సర్వనామాన్ని చివర పెట్టడం ఉంది. అచ్చులో ఆ ఒత్తు కనిపించదు కాబట్టి ఎర్రర్ స్పాటింగ్‌లో దాన్ని పట్టించుకోవద్దు.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్ మొదటి అంచెలో ఒప్పుకి 2 మార్కులు, తప్పుకి 0.50 కోత. ముక్కల్లో డౌన్, ఆఫ్, అవే పక్కన ఇట్ కనిపిస్తే ముందు ఆ ముక్కనే తేల్చుకోండి, పది సెకన్లు చాలు. అది ఆన్, ఓవర్, త్రూలలో ఒకటై క్రియ మీ పేజీలో లేనిదైతే దాన్ని పక్కనపెట్టి మిగతా ముక్కల్లో కర్తా క్రియల వచనం, కాలం చూడండి. వాటిలో తప్పు దొరికితే ఆ క్రియ సంగతి తేలకపోయినా ఫరవాలేదు. దొరక్కపోతే మిగిలేవి రెండే ఐచ్ఛికాలు, ఆ ముక్క లేదా ‘నో ఎర్రర్’. రెండింట్లో ఒకటి కాబట్టి, కోత ఉన్నా గుర్తుపెట్టడమే లాభం.