గుడిలో పెళ్లా, నోటీసు పెళ్లా?

అమ్మాయిది గుంటూరు, హిందువులు. అబ్బాయిది విజయవాడ, క్రైస్తవులు. రెండిళ్లలోనూ ససేమిరా అంటున్నారనుకుందాం.

అబ్బాయి మతం మారితే గుడిలో పెళ్లి ఒక్కరోజు పని. మారకుండా తాళి కడితే అది హిందూ వివాహ చట్టం కింద చెల్లదు. గొడవ తప్పించుకోవడానికి మారిన మనిషికి తర్వాత తనవాళ్ల ముందు మాట పెగలదు. అందుకే నా మొగ్గు నోటీసు పెళ్లికే.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో ఎవరూ మారక్కర్లేదు. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అంటిస్తారు, అభ్యంతరాలకు 30 రోజుల గడువు ఉంటుంది. వయసు, బతికున్న భార్య లేదా భర్త వంటివే అక్కడ లెక్క. ‘మాకిష్టం లేదు’ అని పెద్దలంటే చెల్లదు.

టెన్షనంతా ఆ నెలలోనే. ఎవరో మోసేలోపు నోటీసు సంగతి మీరే ఇంట్లో చెప్పండి. దూరంగా ఉంటే రోజుకొక్క ఫోన్ చాలు. అరుపులు మొదలైతే, "రేపు మాట్లాడదాం నాన్నా" అని పెట్టేయండి. తిండి, నిద్ర సరిగా లేకపోతే కోపంలో ఏదో ఒకటి అనేస్తాం. గదిలో పెట్టి తాళం వేసినా, చంపుతామని బెదిరించినా ఇక నచ్చజెప్పే పని కాదు, 112కి ఫోన్ చేయాలి.