పార్ట్ పేమెంట్ కట్టాక మా హోమ్ లోన్‌లో తగ్గింది ఏది: కాలమా, ఈఎంఐనా?

మా ఇంటి లోన్ నడుస్తున్న బ్యాంకు యాప్ గురించి ఇన్నాళ్లూ ఎవరు అడిగినా బాగుందనే చెప్పాను. వడ్డీ సర్టిఫికెట్ నిమిషంలో వస్తుంది, పార్ట్ పేమెంట్ కట్టడానికి బ్రాంచ్‌కి వెళ్లే పని లేదు. ఫ్లోటింగ్ రేటు లోన్ కాబట్టి ముందే కట్టినందుకు చార్జీ కూడా ఉండదు. అవన్నీ ఇప్పటికీ నిజమే. కానీ డబ్బు కట్టిన తర్వాత ఏం మారిందో చూపించే విషయంలో మాత్రం ఈ యాప్ మీద నాకు గట్టి కోపమే ఉంది.

బాకీ 25 లక్షలు, రేటు 8.5 శాతం, మిగిలిన వాయిదాలు 180, ఈఎంఐ 24,618 రూపాయలు. నెల వాయిదా కట్ అయిన రోజే 5 లక్షలు కట్టాను. కాలం తగ్గించమని సర్వీస్ రిక్వెస్ట్ కూడా పెట్టాను. డబ్బు అందిందని మెసేజ్ వచ్చింది. అందులో ఈఎంఐ ఊసు గానీ కాలం ఊసు గానీ లేదు.

స్టేట్‌మెంట్ తీస్తే 5 లక్షలు జమ, బాకీ 20 లక్షలు అని శుభ్రంగా ఉంది. మరుసటి నెల వడ్డీ కూడా 17,708 నుంచి 14,167కి దిగింది. చాలామంది ఇక్కడితో సరే అనుకుని ఆగిపోతారు. కానీ వడ్డీ బాకీని బట్టి పడుతుంది కాబట్టి, బ్యాంకు కాలం తగ్గించినా ఈఎంఐ తగ్గించినా మొదటి నెల వడ్డీ ఒక్కటే. ఆ వడ్డీ గడిని చూసి తెలిసేది అసలుకి జమ అయిందని మాత్రమే. ఒకవేళ వడ్డీ 17,708 దగ్గరే ఉంటే, డబ్బు అసలుకి వెళ్లకుండా అడ్వాన్స్ వాయిదాగా పక్కన పడి ఉండొచ్చు, వెంటనే అడగాలి. నెల మధ్యలో కట్టినవాళ్లకు మొదటి నెల వడ్డీ పాతదీ కొత్తదీ కలిసి పడొచ్చు, కాబట్టి రెండో నెల చూసుకోవడం మంచిది.

నిజంగా ఏం తగ్గిందో చెప్పేది ఆ వడ్డీ గడి పక్కనే ఉన్న అసలు గడి. కాలం తగ్గి ఉంటే 24,618లో వడ్డీ పోగా 10,451 అసలుకి పోవాలి. నా స్టేట్‌మెంట్‌లో పడింది 5,528. అంటే ఈఎంఐని 19,695కి దించి, కాలాన్ని 180 నెలల దగ్గరే ఉంచేశారు. యాప్‌లో 'రీపేమెంట్ షెడ్యూల్' అని వేరే మెనూలో ఉన్న కాగితం తెరిస్తే చివరి వాయిదా తేదీ పాతదే. జరిగిపోయిన లావాదేవీల స్టేట్‌మెంట్‌లో ఈ తేదీ ఉండదు, షెడ్యూల్ విడిగా తీయాల్సిందే.

తేడా ఎంతంటే, రేటు ఇలాగే ఉంటే, పాత ఈఎంఐతో 20 లక్షలు దాదాపు 122 నెలల్లో తీరిపోతుంది, వడ్డీ సుమారు 9.9 లక్షలు. 19,695 చొప్పున 180 నెలలు కడితే వడ్డీ సుమారు 15.45 లక్షలు. కట్టిన 5 లక్షలు అవే, తేడా మాత్రం ఐదున్నర లక్షలు.

బ్రాంచ్‌లో లోన్ సెక్షన్ మేడమ్ గారిని అడిగితే, "సిస్టమ్‌లో డిఫాల్ట్‌గా ఈఎంఐనే తగ్గుతుందండీ, రిక్వెస్ట్ మాకు విడిగా వస్తుంది" అన్నారు. ఆవిడ మర్యాదగానే మాట్లాడారు, పని కూడా చేసిపెట్టారు. ఈఎంఐ మళ్లీ 24,618 అయింది, కొత్త షెడ్యూల్‌లో 121 వాయిదాలు మిగిలాయి. కానీ కాలమా, ఈఎంఐనా అని డబ్బు కట్టే స్క్రీన్ మీదే ఎందుకు అడగరు? మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఈఎంఐ ఎంతో, ఎన్ని వాయిదాలు మిగిలాయో చూపించాలని ఆర్‌బీఐ 2023 ఆగస్టులోనే చెప్పింది. మా బ్యాంకు చూపిస్తుంది కూడా, కానీ అది వచ్చేదాకా ఆగితే తక్కువ ఈఎంఐతో రెండు మూడు నెలలు గడిచిపోతాయి.

ఈఎంఐ తగ్గడం అందరికీ నష్టమని అనను. నాకు నలభై ఏడేళ్లు, మా కంపెనీలో రిటైర్మెంట్ 58కి. అప్పు పదిహేనేళ్లు సాగితే జీతం ఆగాక కూడా కట్టాలి, అందుకే నాకు కాలమే ముఖ్యం. పిల్లల ఫీజులతోనో, నిలకడ లేని ఉద్యోగంతోనో ఉన్నవాళ్లకు నెలకు 4,923 మిగలడం పెద్ద ఊరట. చేతిలో డబ్బు ఉన్న నెల ఆ మిగులును మళ్లీ పార్ట్ పేమెంట్‌గా కట్టుకుంటే దాదాపు అదే ఫలితం వస్తుంది. కాకపోతే కనీసం ఇంత కట్టాలని కొన్ని బ్యాంకులు హద్దు పెడతాయి, అది ముందే కనుక్కోండి.

యాప్‌ని ఇంకా వాడుతున్నాను, లోన్ వేరే బ్యాంకుకి మార్చే ఆలోచన అయితే లేదు. వచ్చే బోనస్‌లో కొంత మళ్లీ దీనికే కడతాను, ఈసారి డబ్బు పంపే ముందే బ్రాంచ్‌లో లెటర్ ఇచ్చి ముద్ర వేయించుకుంటాను.