బెంగళూరులో ఫర్నిష్డ్ ఫ్లాట్ తీసుకునేవాళ్ళు సామాన్ల లిస్టు మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి

మార్తహళ్ళి దగ్గర ఫుల్లీ ఫర్నిష్డ్ టూ బీహెచ్‌కేలో 22 నెలలు ఉండి పోయిన నెలే ఖాళీ చేశాం. అద్దె 36 వేలు, అడ్వాన్స్ లక్షా ఎనభై వేలు. అందులో 71,500 కోసేసి మిగతాది వేశారు. పెయింటింగ్‌కి ఒక నెల అద్దె అని అగ్రిమెంట్‌లోనే ఉంది, ఇక్కడ చాలామంది ఓనర్లు అలాగే రాయించుకుంటారు, ఆ 36 వేల గురించి నాకు గొడవ లేదు. నా బాధంతా మిగతా 35,500 గురించి. పరుపుకి 14 వేలు, రెక్లైనర్ సోఫాకి 9 వేలు, గీజర్‌కి 7,500, వంటింట్లో సింకు కింద కప్‌బోర్డు తలుపుకి 5 వేలు. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా మేం పాడుచేసింది కాదు.

ఎక్కడ దెబ్బతిన్నామో చెప్తాను. అగ్రిమెంట్ చివర సామాన్ల లిస్టు ఒక పేజీ ఉంటుంది కదా. మాదాంట్లో "ఫ్యాన్లు 5, గీజర్లు 2, పరుపులు 2, సోఫా 1..." అని వరసగా లెక్క, కింద "అన్నీ మంచి కండిషన్‌లో ఉన్నాయి, పనిచేస్తున్నాయి" అని ఒకే ఒక్క లైను. ఓనర్ అంకుల్ తెలుగు ఆయనే. "మీరూ మన వైపువాళ్ళేనమ్మా, ఇవన్నీ ఊరికే ఫార్మాలిటీ" అన్నారు, అవతల ప్యాకర్స్ లారీ గేటు దగ్గర నిలబడి ఉంది, సంతకం పెట్టేశాం. ఆ ఒక్క లైనుతో మరకలున్న పరుపు కూడా మంచి పరుపే అని మేమే ఒప్పుకున్నట్టయింది.

చట్టంలో ఈ విషయానికి ఆధారం ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే, అద్దెకున్నవాళ్ళు ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి అప్పజెప్పాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదల మాత్రం వాళ్ళ మీద పడదు. వినడానికి మనకి అనుకూలంగానే ఉంది. కానీ తీసుకున్నప్పుడు ఎలా ఉందో చూపించేది ఏది? ఆ లిస్టే. అందులో "మంచి కండిషన్" అని ఉంటే వాదన అక్కడే ఆగిపోతుంది.

పరుపు సంగతి చూడండి. దాని మీద జిప్పున్న ప్రొటెక్టర్ వేసి ఉంది, శుభ్రంగా కనిపించింది, మేం తీసి చూడలేదు. రెండు నెలల తర్వాత ఉతకడానికి తీస్తే తల దగ్గర అరచేయంత పసుపు మరక, మధ్యలో కుంగి ఉంది. ఓనర్‌కి అప్పుడే ఫోటో పంపి ఉండాల్సింది, పంపలేదు. సోఫా కూడా అంతే, రెక్లైనర్ లాగితే సగం దాకా వచ్చి ఆగిపోతుంది, మొదటిరోజు కూర్చున్నాం గానీ లాగి చూడలేదు. ఈ రెండింటి 23 వేలు ఇక రావు.

గీజర్, కప్‌బోర్డు డబ్బులు 12,500 మాత్రం వెనక్కి వచ్చాయి, ఎలా వచ్చాయో తెలిస్తే మీకు పనికొస్తుంది. మూడో నెలలో గీజర్ వేడెక్కకపోతే మెకానిక్‌ని పిలిపించాం, మా అపార్ట్‌మెంట్‌కి వచ్చేది బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు, ఎలిమెంట్ మీద సున్నం మందంగా గట్టిపడిపోయి ఉంది. ఆ సున్నం పాతదని ఆయన బిల్లు మీదే రాసిచ్చాడు, ఆ బిల్లు దాచాను. కప్‌బోర్డు తలుపు కింది అంచు నీళ్ళు తగిలి ఉబ్బి, పైన లామినేట్ ఊడిపోయింది. పాలు పొంగించిన రోజు మా అమ్మాయిని స్టవ్ పక్కన నిలబెట్టి తీసిన ఫోటోలో వెనకాల ఆ ఉబ్బు స్పష్టంగా ఉంది. దాన్ని వాట్సాప్‌లో పంపితే "ఇది ఎప్పటిదో ఏం తెలుసు" అన్నారు, ఎందుకంటే మామూలుగా ఫోటోలా పంపితే వాట్సాప్ తీసిన తేదీ వివరాలు తీసేస్తుంది. మావారి ఫోన్‌లో అసలు ఫోటో ఉంది కాబట్టి తేదీ చూపించగలిగాం.

అందుకని కొత్త ఇంటికి ఇలా చేశాం. సామాను దిగకముందు, పగటి వెలుతురులో, రెండు గంటలు దానికే పెట్టుకున్నాం. ఒక్కో వస్తువుకీ ఒక లైను: పేరు, కంపెనీ, స్టిక్కర్ మీద ఉన్న సీరియల్ నంబర్, కంటికి కనిపించింది, నడిపి చూస్తే ఏమైంది, ఫోటో నంబర్. "బాగుంది", "పాతది" లాంటి మాటలు వద్దు, ఎక్కడ ఎంత ఉందో రాయాలి. మేం పరుపుకి రాసింది ఇలా ఉంది:

"పరుపు, క్వీన్ సైజు, 1. కవర్ తీసి రెండు వైపులా చూశాం. మరకలు లేవు. మధ్యలో 2 సెంటీమీటర్ల గుంట. ఎడమ అంచు కుట్టు ఒక జానెడు ఊడింది. ఫోటోలు 14, 15, 16."

గుంట కొలవడానికి పరుపుకి అడ్డంగా చీపురు కర్ర పెట్టి, కర్రకీ పరుపుకీ మధ్య సందు స్కేలుతో చూడండి, ఆ స్కేలు కనపడేలా ఫోటో తీయండి. గీజర్, ఏసీ, వాషింగ్ మెషీన్ స్విచ్ వేసి లైటు వెలిగిందని వదిలేయొద్దు. గీజర్ నీళ్ళు వేడయ్యే దాకా ఆగండి, ఏసీ ఇరవై నిమిషాలైనా నడిపి లోపలి యూనిట్ నుంచి నీళ్ళు కారుతున్నాయేమో చూడండి, మెషీన్‌లో బట్టల్లేకుండా చిన్న వాష్ పెట్టి నీళ్ళు పూర్తిగా బయటికి పోతున్నాయో లేదో చూడండి. స్టిక్కర్ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటే అదీ రాసుకోండి. ఎనిమిదేళ్ళ ఫ్రిజ్‌కి కొత్తదాని ధర అడిగినప్పుడు మాట్లాడటానికి అది కావాలి. కరెంటు మీటర్ రీడింగ్, తాళాలు ఎన్ని ఇచ్చారో కూడా అదే కాగితం మీద.

వాడితే గానీ బయటపడనివి ఉంటాయి కాబట్టి "7 రోజుల్లో చెప్పిన లోపాలు కూడా ఈ లిస్టులో భాగమే" అని ఒక లైను రాయించుకోండి. ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. ఫోటోలన్నీ ఆ రోజే ఓనర్‌కి ఈమెయిల్ చేయండి, మెయిల్ వెళ్ళిన తేదీని తర్వాత ఎవరూ మార్చలేరు.

ఖాళీ చేసేటప్పుడు మేం చేసిన తప్పు ఇంకోటి ఉంది. ఓనర్ రాలేదు, సూపర్‌వైజర్‌ని పంపారు. అతను ఇల్లంతా చూసి "అన్నీ సరిగ్గానే ఉన్నాయక్కా, సార్‌కి చెప్తాను" అని తాళాలు తీసుకెళ్ళాడు. నాలుగో రోజు కోతల లెక్క వాట్సాప్‌లో వచ్చింది. తాళాలు ఇచ్చాక ఆ ఇంట్లో ఎవరు ఏం చేశారో మనం ఎలా చెప్తాం? ఖాళీ చేయడానికి పదిహేను రోజుల ముందే ఓనర్‌ని పిలిచి, పాత లిస్టు పట్టుకుని, మొదటిరోజు ఏ వైపు నుంచి ఫోటో తీశారో అదే వైపు నుంచి మళ్ళీ తీస్తూ ఒక్కో లైనూ చూపించండి. ఏదైనా మనవల్ల పాడైతే ఆ పదిహేను రోజుల్లో మనమే బాగుచేయించుకుంటే తక్కువలో పోతుంది. ఆఖరిరోజు లిస్టు కింద "ఇవి తప్ప ఇంకేమీ లేవు" అని రాసి సంతకం తీసుకున్నాకే తాళాలు ఇవ్వండి, ఓనర్ బదులు ఇంకెవరైనా వస్తే ఆయన తరఫున సంతకం పెట్టొచ్చని ఓనర్ దగ్గర్నుంచి ముందే మెసేజ్ తెప్పించుకోండి. కోత పెడితే రిపేరు బిల్లు అడగండి. మాకు పరుపు బిల్లు ఇప్పటికీ రాలేదు, మూడుసార్లు అడిగాను.

కొత్త ఓనర్ ఆంటీకి లిస్టు చూపించడానికి కాస్త మొహమాటపడ్డాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, ఫ్రిజ్‌లో కూరగాయల ట్రే పగుళ్ళు నేను రాయలేదని తనే ఆ లైను చేర్చి సంతకం పెట్టారు.