పాలమూరులో ఎనిమిదేళ్లు వాడాక: ఆల్వియోలార్ గ్యాస్ ఈక్వేషన్, ఏ-ఏ గ్రేడియెంట్

రక్తంలో ఆక్సిజన్ తగ్గిన మనిషి మంచం మీద ఉన్నప్పుడు నాకు మొదట కావాల్సిన జవాబు ఒక్కటే. లోపం ఊపిరితిత్తిలో ఉందా, దాని బయట ఉందా? ఆ జవాబు కోసం ఎనిమిదేళ్లుగా మహబూబ్‌నగర్‌లో ఎమర్జెన్సీ, ఐసీయూ డ్యూటీల్లో ఈ లెక్క వాడుతున్నాను. ధమని రక్తంలోని వాయువులను కొలిచే ఏబీజీ పరీక్ష స్లిప్పు చేతికి రాగానే వెనక్కి తిప్పి పెన్నుతో వేస్తాను, రెండు నిమిషాలు కూడా పట్టదు.

```
PAO2 = FiO2 × (PB − 47) − PaCO2 / 0.8
A-a gradient = PAO2 − PaO2
```

మొదటి వరుస ఊపిరితిత్తుల చివరి గాలి బుడగల్లో, అంటే స్కూలు పుస్తకాల్లో వాయుగోణులు అని చదువుకున్న వాటిలో, ఎంత ఆక్సిజన్ ఉండాలో చెబుతుంది. చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలోంచి నీటి ఆవిరి వాటా 47 తీసేసి, మిగిలినదాన్ని పీల్చే గాలిలో ఆక్సిజన్ వంతుతో గుణిస్తాం. మామూలు గాలి అయితే ఆ వంతు 0.21. ఒత్తిళ్లన్నీ పాదరసం మిల్లీమీటర్లలోనే. అందులోంచి కార్బన్ డయాక్సైడ్ ఆక్రమించిన చోటు తీసేస్తాం. రెండో వరుస బుడగలో ఉన్న ఆక్సిజన్‌కీ, మణికట్టు ధమనిలోంచి తీసిన రక్తంలో ఉన్న ఆక్సిజన్‌కీ తేడా. బుడగ దాకా వచ్చిన ఆక్సిజన్ రక్తంలోకి సాఫీగా దాటితే తేడా చిన్నది, దాటలేకపోతే పెద్దది. మామూలు గాలి పీలుస్తున్నవారిలో ఎంత తేడా సహజమో అంచనాకు, వయసును నాలుగుతో భాగించి నాలుగు కలుపుతాను.

చెప్పుకోవడానికి ఇంతే. కానీ నేను వాడటం మొదలుపెట్టిన తొలి ఏడాదిలోనే ఈ లెక్క నన్ను తప్పుదారి పట్టించింది. తప్పు లెక్కది కాదు, నేను అందులో వేసిన ఒక అంకెది.

వానాకాలం, తెల్లవారుజామున ఆటోలో ఒక అమ్మాయిని తెచ్చారు. ఇరవై నాలుగేళ్లు. ఆయాసం, రెండుసార్లు వాంతి. కళ్లు మూసుకునే ఉంది, పిలిస్తే ముక్కుతో సన్నగా ఏదో అంటోంది. "రాత్రి మంచిగనే పండుకుంది సార్, పొద్దుగాల లేపితే కండ్లు తెరుస్తలేదు, దమ్ము ఆడుతలేదంటుంది" అని వాళ్ల అత్త చెప్పింది. ఒంటి మీద ఎక్కడా గాటు కనబడలేదు. వేలికి పెట్టిన ఆక్సిజన్ ప్రోబ్ 80 శాతం చూపించింది. వెంటనే ఏబీజీ తీశాను, ఆక్సిజన్ మాస్కు పెట్టించాను. స్లిప్పులో పీహెచ్ 7.23, కార్బన్ డయాక్సైడ్ 64, ఆక్సిజన్ 50.

పుస్తకంలో నేర్చుకున్నట్టే గాలి ఒత్తిడి 760 వేశాను. 760 లోంచి 47 తీస్తే 713, దాంట్లో 0.21 వంతు 150. కార్బన్ డయాక్సైడ్ 64ని 0.8తో భాగిస్తే 80. బుడగలో ఆక్సిజన్ 70, రక్తంలో 50, తేడా 20. ఆ వయసుకు ఉండాల్సింది 10. రెండింతలు వచ్చింది కాబట్టి ఊపిరితిత్తి చెడిందనుకున్నాను. వాంతి లోపలికి పోయి నిమ్ము చేసి ఉంటుందని, ఊపిరి తీసి తీసి అలసిపోవడం వల్లే కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఎక్స్‌రే రాశాను, యాంటీబయోటిక్ మొదలుపెట్టించాను. మాస్కుతో ప్రోబ్ 96కు ఎక్కేసరికి అందరం కొంచెం ఊపిరి పీల్చుకున్నాం. అలా నలభై నిమిషాలు పోయాయి.

రౌండ్సుకు వచ్చిన మా సీనియర్ మేడమ్ స్లిప్పు వెనక నా లెక్క చూశారు. "నువ్వు ఏ ఊళ్లో ఉన్నావమ్మా? సముద్రం ఒడ్డునా?" అన్నారు. 760 కొట్టేసి పక్కన 716 రాశారు. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి ఇంచుమించు 500 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడి సుమారు 716. అందులోంచి 47 తీస్తే 669, దాంట్లో 0.21 వంతు 140. ఇక బుడగలో ఆక్సిజన్ 140 లోంచి 80 పోగా 60. రక్తంలో 50. తేడా 10. ఆ అమ్మాయి వయసుకు సరిగ్గా ఉండాల్సినంతే. అంటే ఊపిరితిత్తి బాగానే ఉంది, దానికి గాలే సరిగా అందడం లేదు.

మేడమ్ వంగి వేలితో ఆ అమ్మాయి కనురెప్ప పైకెత్తారు. లోపల కన్ను తిన్నగా ఆమె వైపే చూస్తోంది. ఆ చూపు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. మత్తులో ఉందని నేననుకున్న పిల్ల అన్నీ వింటోంది, రెప్ప ఎత్తే బలం లేదంతే. "ఒక్క గుక్కలో ఇరవై దాకా లెక్కపెట్టు బిడ్డా" అంటే మూడు దగ్గర గొంతు ఆగిపోయింది. రాత్రి ఎక్కడ పడుకున్నారని అత్తను అడిగితే, ఇద్దరం కిందే పడుకున్నాం అని చెప్పింది. కట్లపాము కాటు. దాని కోరలు చిన్నవి, గాటు చాలాసార్లు కనబడదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. విషం నరం నుంచి కండరానికి వెళ్లే కబురును ఆపేస్తుంది. ముందు రెప్పలు వాలతాయి, చివరకు ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి.

పది వయల్స్ యాంటీ వెనమ్ ఎక్కించి, గొంతులో ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టాం. మాస్కుతో ప్రోబ్ 96 చూపించినా, ఆ నలభై నిమిషాల్లో కార్బన్ డయాక్సైడ్ 64 నుంచి 78కి పెరిగిందని రెండో స్లిప్పు చెప్పింది. ఊపిరి చాలనప్పుడు ఆక్సిజన్ ఇస్తే ప్రోబ్ అంకె బాగుపడుతుంది, మనిషి బాగుపడడు. ఆ అమ్మాయికి కావాల్సింది ఊపిరి.

అందుకే ఈ లెక్క మీద నా మొదటి మాట: మీ ఊరి గాలి ఒత్తిడి వేయండి. నల్లగొండ ఇంకాస్త పల్లంలో, 420 మీటర్ల దగ్గర ఉంది కాబట్టి అక్కడ 723 వేస్తే సరిపోతుంది. చాలా ఏబీజీ మెషీన్లు తమలోని బారోమీటర్ రీడింగును స్లిప్పు మీద అచ్చు వేస్తాయి, అది ఉంటే అదే తీసుకోవాలి. ఫోన్‌లో వాతావరణం చూసి ఒత్తిడి వేసేవాళ్లను కూడా చూశాను, అది పనికిరాదు. ఆ యాప్‌లు చూపించేది సముద్ర మట్టానికి సరిచేసిన అంకె. ఏ ఊళ్లో చూసినా 760కి దగ్గరగానే ఉంటుంది. నిజానికి ఈ ఈక్వేషన్‌కు ఎత్తుతో పుట్టుక నుంచీ చుట్టరికం ఉంది. రోచెస్టర్ యూనివర్సిటీలో వాలెస్ ఫెన్, హెర్మన్ రాన్, ఆర్థర్ ఓటిస్ 1946లో దీని మీద అచ్చువేసిన పరిశోధన ఎత్తైన చోట్ల ఊపిరితిత్తుల్లోని గాలి గురించే. అలాంటి లెక్కలో ఎత్తును మరిచిపోవడం నన్ను చాలాకాలం బాధపెట్టింది.

పది మిల్లీమీటర్ల పొరపాటు పెద్దదా అంటే, జబ్బు బాగా ముదిరినప్పుడు కాదు. తేడా 60 వచ్చినచోట 50 అయినా ఒకటే. గీత దగ్గర ఉన్న కేసుల్లోనే అది దారి మార్చేస్తుంది.

రెండోది, నేను ఈ లెక్కను ఎక్కువగా ఇష్టపడే సందర్భం. ఆక్సిజన్ తగ్గినట్టు కనబడకపోయినా లోపలి జబ్బును ఇది పట్టిస్తుంది. కాన్పై రెండు వారాలైన ఇరవై ఎనిమిదేళ్ల బాలింత గుండె దడ, ఆయాసం అని వచ్చింది. ప్రోబ్ 96. ఇంట్లో గొడవలున్నాయని, టెన్షన్ అని అప్పటికే ఒకచోట చెప్పి పంపేశారు. ఏబీజీలో ఆక్సిజన్ 80, కార్బన్ డయాక్సైడ్ 26. ఆక్సిజన్ 80 చూస్తే ఎవరికీ అనుమానం రాదు. కానీ అంత వేగంగా ఊపిరి తీసి కార్బన్ డయాక్సైడ్‌ను 26కి దించిన మనిషి బుడగలో ఆక్సిజన్ పెరిగి ఉండాలి. 140 లోంచి 32 తీస్తే 108. రక్తంలో 80 ఉంది కాబట్టి తేడా 28, ఉండాల్సింది 11. టెన్షన్‌తోనే ఎగపోస్తుంటే రక్తంలో ఆక్సిజన్ 95 దాటి ఉండేది. సీటీ యాంజియో చేయిస్తే ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ కనబడింది. తేడా పెరిగిందని మాత్రమే లెక్క చెప్పింది, గడ్డ అని చెప్పలేదు. నిమ్ము అయినా, నీరు చేరినా, గడ్డ అయినా తేడా పెరుగుతుంది. తేడా మామూలుగా ఉందని గడ్డ లేదనుకోవడం కూడా తప్పే, కొందరిలో గడ్డ ఉన్నా తేడా పెరగదు.

ఇక నేను దీన్ని పక్కన పెట్టేసే చోట్లు. మాస్కు మీద ఉన్న రోగికి ఇది నమ్మదగ్గది కాదు. నిమిషానికి ఐదు లీటర్లు పెట్టామని తెలుసు, కానీ రోగి పీల్చే గాలిలో ఆక్సిజన్ వంతు ఎంతో తెలియదు. అతను ఎంత వేగంగా పీలిస్తే బయటి గాలి అంత కలుస్తుంది. పైగా ఆక్సిజన్ వంతు పెరిగేకొద్దీ ఆరోగ్యవంతుల్లో కూడా తేడా పెరుగుతుంది, వయసు సూత్రం అక్కడ చెల్లదు. లెక్క కోసం మాస్కు తీసేయమనేవాళ్లున్నారు. తీసిన రెండు నిమిషాలకే రక్తం లాగితే ఆ అంకె అటూ ఇటూ కాకుండా ఉంటుంది, స్థిరపడటానికి ఇరవై నిమిషాలు కావాలి. ఆక్సిజన్ లేక నీలం తిరుగుతున్న మనిషిని ఒక లెక్క కోసం ఇరవై నిమిషాలు అలా ఉంచడానికి నేను ఒప్పుకోను. అలాంటప్పుడు పీల్చే వంతును ఉజ్జాయింపుగా అనుకుని, రక్తంలోని ఆక్సిజన్‌ను దాంతో భాగించే పీ-ఎఫ్ రేషియోతో సరిపెట్టుకుంటాను.

తేడా మైనస్‌లో వస్తే మాత్రం వదలను. బుడగలో ఉన్నదానికంటే రక్తంలో ఎక్కువ ఉండటం జరగని పని. ఒకసారి మైనస్ 30 వచ్చింది. స్లిప్పు మీద పీల్చే ఆక్సిజన్ 21 శాతం అని ఉంది. సిస్టర్‌ను అడిగితే, "మాస్కు ఉండె సార్, మెషీన్‌ల మార్చలేదు" అంది. సిరంజిలో గాలి బుడగ మిగిలినా ఆక్సిజన్ అంకె తారుమారవుతుంది, అందుకే తీసిన వెంటనే బుడగ బయటికి తోసి మూత పెట్టిస్తాను.

కట్లపాము అమ్మాయి కథలో ఇంకొక్క స్లిప్పు ఉంది. మూడో రోజు వెంటిలేటర్ మీద 40 శాతం ఆక్సిజన్‌తో, కార్బన్ డయాక్సైడ్ 40 ఉండగా రక్తంలో ఆక్సిజన్ 90కి పడిపోయింది. వెంటిలేటర్ మీద పీల్చే వంతు కచ్చితంగా తెలుసు కాబట్టి లెక్క వేయొచ్చు. 669లో 0.4 వంతు 268, అందులోంచి 50 పోతే 218. తేడా 128. 40 శాతం మీద కొంత తేడా సహజమే అయినా ఇది దానికి చాలా పైన. మొదటి రోజు 10 ఉన్న పిల్ల ఇది, ఈసారి నిజంగానే ఊపిరితిత్తి చెడింది. ఎక్స్‌రేలో ఎడమ కింది భాగం మూసుకుపోయి కనబడింది. ట్యూబులోంచి చిక్కటి కఫం లాగించి, పక్కకు తిప్పి పడుకోబెట్టి ఫిజియో చేయించాం. సాయంత్రానికి అదే 40 శాతం మీద ఆక్సిజన్ 150కి వచ్చింది. ఆరో రోజు ట్యూబు తీశాం. రెప్పలు తనంతట తానే ఎత్తి, మొదట వాళ్ల అత్తను నీళ్లు అడిగింది.